డిస్పోజర్ తిప్పితే పక్క తొట్లోకి నీళ్లు: రెండు తొట్ల సింక్‌కి ఒకే ట్రాప్ ఎలా కలపాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మేం డాలస్ దగ్గర ఉంటాం. పాత సింక్ లోతు తక్కువ, కౌంటర్ మీద పెట్టే రకం. అది తీసేసి రెండు తొట్ల అండర్‌మౌంట్ సింక్ పెట్టించాం, లోతు 9½ అంగుళాలు. ఎడమ తొట్టికి తిండి చెత్త నలిపే డిస్పోజర్ ఉంది, కుడిది మామూలు జాలీ. కింద పైపులు మా ఆయనా నేనూ కలిసి బిగించాం. పాత పైపులు కుదరక మధ్యలో ముడతల పైపు పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు డిస్పోజర్ వేస్తే కుడి తొట్లోకి మురికి నీళ్లు ఎగదన్నుతున్నాయి. రెండు రోజులు వాడకపోతే వాసన. రెండు తొట్ల పైపులూ కలిసే టీ ముక్క దగ్గర నట్ ఎంత బిగించినా చుక్క చుక్క కారుతోంది. రెండో తొట్టికి ఇంకో ట్రాప్, అదే నీళ్లు నిలిచి మురుగు వాసన ఆపే వంపు పైపు, పెట్టుకోమని ఒకాయన చెప్పారు. పెట్టమంటారా?

సమాధానం: వద్దండీ. ఒక ట్రాప్ చాలు. రెండు తొట్లకీ విడివిడిగా ట్రాప్‌లు పెట్టి, వాటిని తెచ్చి మళ్లీ ఇప్పుడున్న ట్రాప్‌లో కలిపితే ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి రెండు ట్రాప్‌లు అవుతాయి. రెండింటి మధ్య గాలి చిక్కుకుని నీళ్లు గుటక గుటకగా, ఆగి ఆగి దిగుతాయి. ఏ ప్లంబింగ్ కోడూ దాన్ని ఒప్పుకోదు. పక్కపక్కనే ఉన్న తొట్ల నీళ్లను ముందే ఒక అడ్డపైపుతో టీలోకి కలిపి, ఆ టీ కింద ఒకే ట్రాప్ పెట్టడం సరైన పద్ధతి. దీన్నే అక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో కంటిన్యువస్ వేస్ట్ అంటారు. రెండు తొట్ల రంధ్రాల మధ్య దూరం 30 అంగుళాలు మించకూడదు, ఒక తొట్టి రెండోదానికన్నా 6 అంగుళాలకు మించి లోతు ఉండకూడదు. మీ సింక్‌కి ఈ రెండూ ఇబ్బంది కావు.

మీరు చెప్పిన మూడు బాధల్లో ఎగదన్నడానికీ వాసనకీ ముఖ్య మూలం ఒకటే అయి ఉండాలి: గోడలోంచి వచ్చే పైపు కొత్త సింక్‌కి ఎత్తుగా ఉండిపోయింది. పైపులు కొనేముందు టేపు పట్టుకుని ఇది ఖాయం చేసుకోండి.

కొలతలన్నీ కాబినెట్ అడుగు పలక నుంచి పైకి తీసుకోండి. అప్పుడు అంకెలు కలగాపులగం కావు. టెక్సస్ ఇళ్లలో కౌంటర్ పైభాగం నేల నుంచి సాధారణంగా 36 అంగుళాలు, కాబినెట్ పలక నేల నుంచి సుమారు 4½ ఉంటుంది. అంటే పలక నుంచి కౌంటర్‌కి 31½. పాత సింక్ 7 అంగుళాల లోతుదనుకుంటే, అది కౌంటర్ మీద కూర్చునేది కాబట్టి దాని అడుగు 24½ దగ్గర ఉండేది. కొత్తది రాయి కింద అతికింది. రాయి మందం 1¼, లోతు 9½ తీసేస్తే దాని అడుగు 20¾ దగ్గరకు దిగింది. చూడ్డానికి లోతు రెండున్నర అంగుళాలే పెరిగినా, రాయి మందం కూడా కలిసి అడుగు 3¾ అంగుళాలు కిందికి వచ్చింది. చాలామంది ఇక్కడే పొరపడతారు.

డిస్పోజర్ పక్క మూతి నడిమి, సింక్ అడుగుకి ఎన్ని అంగుళాల కింద ఉంటుందో దాని కాగితంలో బొమ్మతో సహా ఉంటుంది. మోడల్‌ని బట్టి మారుతుంది. మనం 6½ అనుకుందాం. పాత సింక్‌తో ఆ మూతి 18 దగ్గర ఉండేది. ఇప్పుడు 14¼ దగ్గరకు దిగింది. గోడ పైపు నడిమి 15 దగ్గర ఉందనుకోండి, ఇంకేముంది, డిస్పోజర్ మూతి గోడ పైపు కన్నా ముప్పావు అంగుళం కిందే ఉంది. నీళ్లు బయటకు పోవాలంటే ఎత్తు ఎక్కాలి. ఎక్కలేవు కాబట్టి డిస్పోజర్ గిన్నెలోనూ అడ్డపైపులోనూ నిలిచిపోతాయి. నలిగిన అన్నం, పప్పు పొట్టు అందులోనే కూర్చుని కుళ్లుతాయి. రెండు రోజుల తర్వాత వచ్చే వాసన మురుగు పైపు వాసన కాదు, అడ్డపైపులో నిలిచిన నీటిదే. నిర్ధారించుకోవడం తేలిక: రాత్రి సింక్ వాడటం మానేశాక ఉదయం అడ్డపైపు అడుగున బకెట్ పెట్టి టీ దగ్గరి నట్ వదులు చేయండి. ముందు డిస్పోజర్‌కి కరెంటు కట్టేయండి. అడ్డపైపులోంచే గ్లాసుల కొద్దీ మురికి నీళ్లు వస్తే సమస్య ఎత్తుదే. ట్రాప్ వంపులో తప్ప ఇంకెక్కడా నీళ్లు నిలవకూడదు.

ముడతల పైపు గురించి ఒక మాట. అది ఎత్తు కుదరనప్పుడు కుదిరినట్టు చూపిస్తుంది, అంతే. ముడతల్లో ప్రతి మడత దగ్గరా నూనె, పిండి పట్టుకుంటాయి. పైగా దాని బరువుకి మధ్యలో జారి ఇంకో చిన్న ట్రాప్‌లా తయారవుతుంది. లోపల నున్నగా లేని పైపుని ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు. అది తీసేయండి. తిరిగి వాడొద్దు.

గోడ పైపు ఎంత కిందికి రావాలో ఇప్పుడు లెక్క వేద్దాం. డిస్పోజర్ మూతి నుంచి టీ దాకా అడ్డపైపు సుమారు 12 అంగుళాలు. వాటం అడుగుకి పావు అంగుళం చొప్పున టీ పక్కమూతి నడిమి 14 దగ్గరకు వస్తుంది. టీ నుంచి కిందికి దిగే తోక ట్రాప్‌లోకి దూరడానికి, నట్ తిప్పడానికి చెయ్యి పట్టడానికి చోటు కావాలి. అందుకోసం టీ పక్కమూతి నడిమి, గోడ పైపు నడిమి మధ్య 4 అంగుళాలైనా వదలండి. అంటే గోడ పైపు 15 నుంచి 10 దగ్గరకు దిగాలి. ఇంకాస్త కిందికి పోయినా నష్టం లేదు. సింక్ రంధ్రం నుంచి ట్రాప్ అంచు దాకా నిలువు దూరం 24 అంగుళాలు దాటకూడదన్న నియమానికి మనం చాలా దూరంలో ఉన్నాం. ట్రాప్ వంపు కూడా పలకకు తగలకుండా కింద బకెట్ పట్టేంత చోటు మిగులుతుంది.

డిస్పోజర్ తీసేస్తే ఈ గోడ పని తప్పుతుందా అని అడుగుతారేమో. తప్పదు. మామూలు జాలీల మర కూడా సింక్ అడుగు నుంచి 3 అంగుళాలు కిందికి వచ్చి 17¾ దగ్గర ముగుస్తుంది. ఆ కింద జాలీ నుంచి నిలువుగా దిగే టెయిల్‌పీస్ ముక్క, టీ, ట్రాప్ నోరు అన్నీ 15 దగ్గరున్న పైపు పైన ఇమడాలి. ఇమడవు.

గోడ లోపల పని ఇదీ. పైపు ఏ ఎత్తులో ఉండాలో కాబినెట్ వెనక పలక మీద గీత గీసి, నిలువు పైపు కనిపించేలా పలకనూ వెనకున్న డ్రైవాల్‌నూ కిటికీలా కోయండి. వంటింటి గోడలో కరెంటు తీగలు ఉంటాయి, కాబట్టి మెయిన్ బోర్డులో ఆ బ్రేకర్ కట్టేసి, రంపం పళ్లు పలక, డ్రైవాల్ మందం దాటి లోపలికి పోకుండా పట్టుకోండి. లోపల తెల్లటి 2 అంగుళాల పీవీసీ నిలువు పైపు, దాని మీద శానిటరీ టీ కనిపిస్తాయి. ఆ టీకి పైన సాగేది వెంట్ పైపు, గాలి కోసం కప్పు దాకా పోతుంది. దాన్ని మూసేయకూడదు, పక్కకు మళ్లించకూడదు. పాత టీని పైనా కిందా పైపుతో సహా కోసి తీసేయండి. కింది పైపుని కొత్త టీ నడిమి 10 దగ్గర వచ్చేలా కోసి, టీని దాని మీద కూర్చోబెట్టండి. టీ పైనుంచి ఒక ముక్క పైపు లేపి, పాత వెంట్‌తో రిపేర్ కప్లింగ్ పెట్టి కలపండి. ఇది మామూలు కప్లింగ్ కాదు, లోపల ఆపే గట్టు లేనిది. పైపు మీదికి పూర్తిగా తోసి, తర్వాత కిందికి జరిపి రెండు చివరల్నీ కప్పేస్తుంది. నిలువు పైపు అటూ ఇటూ బిగిసి ఉంటుంది కాబట్టి ఇది లేకపోతే టీ లోపలికి పట్టదు.

అతికించే ముందు అన్నీ పొడిగా పెట్టి చూసి, పెన్నుతో గీతలు పెట్టుకోండి. ప్రైమర్ రెండు ముఖాలకీ, ఆ తర్వాత సిమెంట్ రెండింటికీ రాసి, తోసి, పావు తిప్పు తిప్పి పట్టుకోండి. కప్లింగ్‌కి మాత్రం తిప్పడం కుదరదు, కాబట్టి సిమెంట్ తడి ఆరకముందే చకచకా జరపాలి. టీ అడ్డమూతిలో 1½ అంగుళాల ముక్క అతికించి, గోడ బయట దానికి ట్రాప్ అడాప్టర్ పెట్టండి. ఇది తప్పనిసరి. అంగుళంన్నర అని రాసినా సిమెంట్ పీవీసీ పైపు వెలుపలి కొలత 1.9 అంగుళాలు. సింక్ కింద వాడే పలుచటి పైపుది నిజంగానే 1½. అడాప్టర్ లేకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చి సిలికాన్ పూస్తే కొన్నాళ్లకు కారడం ఖాయం. గోడలో పైపు కదిలిస్తున్నారు కాబట్టి మీ ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ముందే ఫోన్ చేయండి. టెక్సస్‌లో ఐపీసీ, యూపీసీ అనే రెండు ప్లంబింగ్ కోడ్‌లూ వాడుకలో ఉన్నాయి. మీ ఊరిది ఏదో, డిస్పోజర్‌కి విడి ట్రాప్ అడుగుతారో లేదో, పర్మిట్ కావాలో వాళ్లే చెప్తారు. గోడ మూయకముందే చూపించాలి.

ఇక సింక్ కింద. షాపులో రెండు రకాల కిట్‌లు ఉంటాయి. టీ మధ్యలో ఉండి రెండు పక్కల నుంచీ చేతులు వచ్చేది ఒకటి. టీ ఒక తొట్టి కిందే నిలువుగా ఉండి, రెండో తొట్టి నుంచి ఒకే చెయ్యి పక్కగా వచ్చేది ఇంకోటి. మీకు కావలసింది రెండోది, ఎండ్ అవుట్‌లెట్ అని అడగండి. అందులోనూ డిస్పోజర్ కోసం అమ్మేది తీసుకోండి. దాని అడ్డపైపు చివర అంచు విప్పారి ఉంటుంది. ఆ అంచు డిస్పోజర్ రబ్బర్ గాస్కెట్‌కి అమరి, పట్టీతో బిగుస్తుంది. మామూలు కిట్‌లో అడ్డపైపు చివర మోచేతి వంపు ఉంటుంది, డిస్పోజర్‌కి పట్టదు.

టీ కొనేటప్పుడు పైనుంచి టార్చి వేసి లోపల చూడండి. పక్కమూతి ఎదురుగా నాలుకలాంటి పలుచని పలక ఒకటి కిందికి దిగి ఉండాలి. దాన్నే బఫిల్ అంటారు. డిస్పోజర్ మోటారు నీటిని తోసి పంపుతుంది. ఆ ధార అడ్డపైపు గుండా వేగంగా వచ్చి టీలో ఎదురు గోడకు కొడుతుంది. అక్కడ ఆపేది ఏమీ లేకపోతే సగం కిందికి, సగం పైకి చీలి కుడి తొట్లోకి లేస్తుంది. బఫిల్ ఉంటే ధార దానికి తగిలి కిందికి మళ్లుతుంది. మీ టీలో అది లేకపోయి ఉంటే, గోడ పైపు దించినా ఆ ఎగదన్నడం కొంత మిగిలే ఉంటుంది. అందుకే పాతది దాచుకోకుండా కొత్తది కొనమంటున్నాను. టీని తలకిందులు చేసి పెట్టినా బఫిల్ పనికిరాదు, పైగా పైనుంచి వచ్చే చెత్తకు అడ్డుపడుతుంది.

బిగించే వరుసలో టీ మొదట. కుడి తొట్టి జాలీకి టెయిల్‌పీస్ పెట్టి, దాని కింద టీని వేలాడదీయండి. టీ పక్కమూతి 14 దగ్గర ఉండేలా టెయిల్‌పీస్ పొడవు కోయండి. డిస్పోజర్‌ని దాని పై రింగ్ వదులు చేసి తిప్పితే మూతి నేరుగా టీ వైపు చూస్తుంది. ఇప్పుడు డిస్పోజర్ మూతి నుంచి టీ పక్కమూతి నోటి దాకా కొలవండి. 10½ వచ్చిందనుకోండి, దానికి లోపలికి దూరే భాగం 1¼ కలిపి 11¾కి కోయాలి. సాకెట్ అడుగు దాకా తగలనివ్వకండి, కొద్దిగా ఆట ఉండాలి. మీ చుక్కల జబ్బు ఇక్కడిదే కావచ్చు. అడ్డపైపు పొడుగైతే టీని పక్కకు తోస్తుంది, పొట్టిదైతే లాగుతుంది. టీ వంకరైతే నట్ కింద వాషర్ ఒక పక్క నొక్కుకుని ఇంకో పక్క తేలుతుంది. అప్పుడు ఎంత బిగించినా నట్ మర పోతుందే తప్ప కారడం ఆగదు.

కోత పైపుకి అడ్డంగా, నిటారుగా ఉండాలి. కోశాక చివర లోపలా బయటా లేచిన పొట్టును చాకుతో గీకేయండి. లోపల మిగిలిన ఆ చిన్న పొట్టుకే చింతపండు పీచు, కొబ్బరి పీచు, కరివేపాకు ఈనె తగులుకుంటాయి. నాలుగు నెలల తర్వాత సింక్ జామ్ అయితే విప్పి చూడండి, తరచు ముద్ద అక్కడే మొదలై ఉంటుంది.

ప్రతి జాయింట్‌లోనూ పైపు మీదికి ముందు నట్, తర్వాత వాషర్. ఏటవాలు వాషర్‌కి ఒక పక్క చదును, ఒక పక్క సన్నబడి ఉంటుంది. సన్నటి పక్క సాకెట్ వైపు చూడాలి, చదును నట్ వైపు. తిరగబడితే నట్ బిగుస్తుంది, జాయింట్ మాత్రం బిగవదు. టెయిల్‌పీస్ పై అంచు, జాలీ కలిసే చోట మాత్రం చదును వాషర్ వస్తుంది. నట్‌లను ముందు అన్నీ చేత్తో వదులుగా పెట్టి, మొత్తం దారి తిన్నగా ఉందో చూసుకుని, అప్పుడు చేత్తో గట్టిగా తిప్పి, పట్టకారుతో పావు చుట్టు మాత్రమే వేయండి. ఈ జాయింట్లకు టెఫ్లాన్ టేపు, సిలికాన్ అవసరం లేదు. కారితే వాషర్ తప్పుంది లేదా పైపు వంకరుంది, పూతతో అది తీరదు.

టీ తోక ట్రాప్ నోట్లోకి అంగుళం నుంచి అంగుళంన్నర దూరాలి. గోడ పైపు సరిగ్గా టీ వెనక లేదనుకోండి, దానికి వంకర ముక్కలు కొనక్కర్లేదు. ట్రాప్‌లోని జె వంపు తిరుగుతుంది. దాన్నీ, దాని మీది అడ్డచేతినీ రెండింటినీ తిప్పుకుంటూ పోతే అడాప్టర్ ఎదురుగా వస్తుంది. ట్రాప్ నుంచి గోడ దాకా పైపుకి కూడా అడుగుకి పావు అంగుళం వాటం ఇవ్వండి. అంతకన్నా ఎక్కువ ఇస్తే మంచిదే అనుకోవద్దు. పైపు మరీ వాలితే వెంట్ నుంచి గాలి అందకముందే నీళ్లు ట్రాప్‌ని లాక్కుపోతాయి. ట్రాప్‌లో 2 నుంచి 4 అంగుళాల నీరు నిలిచి ఉండటమే దాని పని.

డిష్‌వాషర్ గొట్టం డిస్పోజర్ పక్కనున్న చిన్న మూతికి వస్తుంది. డిస్పోజర్ కొత్తదైతే ఆ మూతిలో ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి విరగ్గొట్టి, ముక్కని గిన్నెలోంచి తీసేయాలి. మర్చిపోతే డిష్‌వాషర్ నీళ్లు దిగవు. గొట్టాన్ని కౌంటర్ రాయి కింద అంటేదాకా పైకి లేపి కట్టి, అప్పుడు కిందికి దించండి. మురికి నీళ్లు డిష్‌వాషర్‌లోకి వెనక్కి పోకుండా ఆపే ఎయిర్ గ్యాప్‌ని మీ ఊళ్లో కౌంటర్ మీద అడిగితే అదే పెట్టాలి.

పరీక్షకు పొడి టిష్యూ పేపర్ ప్రతి నట్ కిందా చుట్టండి. చేతికి తెలియని చెమ్మ కూడా టిష్యూ మీద మచ్చగా కనిపిస్తుంది. రెండు తొట్లనీ మూతలు పెట్టి నిండా నింపండి. తర్వాత రెండు మూతలూ ఒకేసారి లాగండి. చిన్న ధారతో చూస్తే కారని జాయింట్ ఈ బరువుకి కారుతుంది. నీళ్లు వెళ్లిపోయాక రెండో పరీక్ష: కుడి తొట్టి ఖాళీగా, మూత తీసి ఉంచి, ఎడమ తొట్టిని సగం నింపి డిస్పోజర్ వేయండి. కుడి రంధ్రంలోంచి కాస్త గాలి, ఒకటి రెండు చినుకులు వస్తే పట్టించుకోవద్దు. నీరు మట్టంగా లేస్తే బఫిల్ లేదు, లేదా గోడలో ముందుకు ఎక్కడో పాత అడ్డంకి ఉంది. ఏదో తేల్చడానికి డిస్పోజర్ వేయకుండా రెండు తొట్ల నీళ్లు వదలండి. అప్పుడూ నెమ్మదిగా దిగితే అడ్డంకి గోడలో ఉంది, ట్రాప్ విప్పి అడాప్టర్ లోంచి స్నేక్ తీగ పంపాలి. చకచకా దిగితే టీని మళ్లీ విప్పి చూడండి.

టిష్యూలను ఒక రోజంతా అలాగే ఉంచండి. వేడి నీళ్లు పోసినప్పుడు ప్లాస్టిక్ కాస్త వ్యాకోచించి, చల్లారాక నట్ కొంచెం వదులవుతుంది. మర్నాడు మచ్చ కనిపించిన చోట చేత్తో ఇంకో పిసరు తిప్పితే సరిపోతుంది. గోడ కిటికీని కూడా ఆ మర్నాడే మూయండి. డ్రైవాల్ ముక్క మళ్లీ పూర్తిగా అతికించకుండా నాలుగు మరలతో పలక బిగిస్తే, తర్వాత ఎప్పుడైనా లోపలి జాయింట్ చూడాల్సి వస్తే కోయక్కర్లేదు.